ఓనర్ అప్రూవల్ రాలేదని బిల్లు ఆపితే మెయిన్ కాంట్రాక్టర్‌కు లెటర్ ఎలా రాయాలి?

బెంగళూరులో సబ్ కాంట్రాక్టులు చేసే మనవాళ్లు నాకు చూపించే లెటర్లలో ఎప్పుడూ ఒకే తప్పు కనిపిస్తుంది. "ఓనర్ అప్రూవల్ రాగానే మా బిల్లు ఇప్పించగలరు" అని మర్యాదగా రాస్తారు. అప్రూవల్ వచ్చేదాకా డబ్బు అడగనని మీరే సంతకం చేసి ఇచ్చినట్టు కదా అది!

ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి: వర్క్ ఆర్డర్, సైట్ ఇంజినీర్ సంతకం ఉన్న జాయింట్ మెజర్‌మెంట్ షీట్, బిల్లు అందినట్టు ముద్ర లేదా మెయిల్. షీట్ మీద సంతకం లేకపోతే ముందు అది చేయించుకోండి, లెటర్ తర్వాత. లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, ఒక్క పేజీ. రెండో పేజీకి వెళ్లిందంటే అందులో మీ బాధలు రాశారని అర్థం.

మొదటి పేరాలో వర్క్ ఆర్డర్ నంబరు, బిల్లు నంబరు, కొలతలు తీసిన తేదీ, బిల్లు ఇచ్చిన తేదీ, రావలసిన మొత్తం. అంతే.

అసలు కష్టం రెండో పేరాలో ఉంది. దాన్ని రాసేముందు వర్క్ ఆర్డర్‌లో పేమెంట్ క్లాజ్ మళ్లీ చదవండి. "కొలతలు సర్టిఫై అయిన 30 రోజుల్లో" అని ఉంటే ఓనర్ అప్రూవల్ మీకు సంబంధం లేని విషయం, ఆ మాటే క్లాజ్ నంబరుతో రాయండి. "ఓనర్ చెల్లించాకే చెల్లిస్తాం" అని స్పష్టంగా ఉంటే మాత్రం గడువు దాటిందని రాయకండి, ఆ వాదన నిలబడడం కష్టం. అప్పుడు ప్రశ్నలు అడగాలి: నా పని మీ ఏ బిల్లులో, ఏ తేదీన ఓనర్‌కు పెట్టారు? ఓనర్ అడిగిన క్వెరీ ఏంటి? అది నా పని మీదా, వేరే దాని మీదా? బిల్లే పెట్టకుండా ఓనర్ పేరు చెప్పే వాళ్లను చాలామందిని చూశాను, వాళ్ల దగ్గర ఈ ప్రశ్నలకు జవాబుండదు.

సర్జాపుర రోడ్డులో నాకే జరిగింది చెబుతాను. ఎనిమిది అంతస్తుల కండ్యూట్, వైరింగ్ పని, అంతస్తుకు 80,000 చొప్పున బిల్లు 6,40,000. ఫోన్ చేస్తే మెయిన్ కాంట్రాక్టర్ "అన్నా, ఓనర్ ఓకే చెప్పలేదు, కాస్త ఆగు" అనేవాడు. తీరా కనుక్కుంటే ఓనర్ ఫాల్స్ సీలింగ్ డ్రాయింగ్ మారుస్తున్నాడు, అదీ పై రెండు అంతస్తుల్లోనే! అప్పుడు ఇలా రాశాను: "డ్రాయింగ్ మార్పు 7, 8 అంతస్తులకే పరిమితం. మా పనిలో లోపం ఉందని ఇంతవరకు రాతపూర్వకంగా ఎవరూ చెప్పలేదు. 1 నుంచి 6 అంతస్తుల 4,80,000, రిటెన్షన్, టీడీఎస్ పోను, జీఎస్టీతో కలిపి 7 రోజుల్లో చెల్లించండి. మిగతా 1,60,000 మీద మా హక్కు వదులుకోవడం లేదు." చివరి వాక్యం మరిచిపోతే ఆ 1,60,000 వదిలేశారని వాదిస్తారు, కాబట్టి కచ్చితంగా ఉండాలి. మొత్తం బిల్లు కోసమే పట్టుబట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను, వివాదం లేని భాగాన్ని విడదీస్తే అవతలివాడికి ఆపడానికి సాకు మిగలదు.

మూడో పేరా వడ్డీ. వర్క్ ఆర్డర్‌లో చెల్లింపు తేదీ గానీ వడ్డీ మాట గానీ లేకపోతే, వడ్డీ అడుగుతున్నామని రాతపూర్వకంగా చెప్పిన తేదీ చాలా ముఖ్యం. 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం కోర్టు ఆ నోటీసు నుంచి వడ్డీ ఇవ్వవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఎంఎస్ఎంఈ చట్టంలోని 45 రోజుల చెల్లింపు నిబంధన కూడా రాయవచ్చు, కానీ సివిల్ పనుల్లాంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఆ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి, అందుకే లెటర్ మొత్తం దాని మీదే నిలబెట్టకండి. నాకు బాగా పనికొచ్చింది జీఎస్టీ మాట: ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మనకు చెల్లించకపోతే వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇది వాళ్ల అకౌంట్స్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

"రేపటి నుంచి పని ఆపేస్తాం" అని రాయకండి. వర్క్ ఆర్డర్ ఆ హక్కు ఇవ్వకపోతే, ఆలస్యం మీ వల్లేనని పెనాల్టీ మీ మీద వేస్తారు. ఓనర్‌కు కాపీ కూడా పెట్టకండి, ఆయనతో మనకు ఒప్పందమే లేదు.

మెయిల్, స్పీడ్ పోస్ట్ రెండూ చేయండి, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి ఊరుకోవద్దు. ఏడు రోజులకూ జవాబు లేకపోతే వర్క్ ఆర్డర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉందో చూసి, ఇదే లెటర్ జతచేసి లాయర్ చేత నోటీసు ఇప్పించండి.