మెథడోన్ మొదలుపెడుతున్నారా? నిద్రమాత్రలు, టెన్షన్ మాత్రలు వాడేవాళ్లకు తొలి రెండు వారాల జాగ్రత్తలు

హెరాయిన్‌ లాంటి ఓపియాయిడ్ల అలవాటు నుంచి బయటపడటానికి మెథడోన్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మొదటి రోజు సాయంత్రానికి ఒకే మాట అంటారు: "ఈ డోసు నాకు చాలడం లేదు." ఆ మాట నిజమే. ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్లలో లాగుడు, ఒకటే చికాకు. ఇంట్లో డయాజిపామో అల్ప్రజోలమో, అలాంటి టెన్షన్ మాత్ర ఏదైనా ఉంటే చెయ్యి అటే వెళ్తుంది. ఆ ఒక్క మాత్ర గురించే ఇది రాస్తున్నాను. డోసు ఇచ్చే కిటికీ దగ్గర నర్సుగా పనిచేస్తూ నేను ఎక్కువగా భయపడింది దాని గురించే.

మెథడోన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. చాలామందిలో తాగిన మందు సగానికి తగ్గడానికి సుమారు ఒక రోజు పడుతుంది. 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారనుకుందాం. రెండో రోజు ఉదయానికి పాతది 15 మిగిలి ఉంటుంది, దానిమీద మళ్లీ 30 పడుతుంది. అంటే 45. మూడో రోజుకి 52 దాటుతుంది, అయిదో రోజుకి 58. కప్పులో కనిపించేది రోజూ అదే 30, ఒంట్లో ఉన్నది మాత్రం దాదాపు రెట్టింపు. కొందరిలో సగం తగ్గడానికి రెండు రోజులు కూడా పడుతుంది. ఇదే లెక్క వాళ్లకి వేస్తే పది రోజులు దాటేసరికి 100 దగ్గరికి చేరుతుంది. ఎవరి ఒళ్లు ఎలాంటిదో మొదటి రోజు డాక్టరుకి కూడా తెలియదు. అందుకే మొదటి రోజు తక్కువతో మొదలుపెట్టి, రోజుల తరబడి చూసుకుంటూ పెంచుతారు.

నాకు బాగా గుర్తున్న ఒకాయన సంగతి చెబుతాను. నలభైకి దగ్గరపడ్డ మనిషి. నాలుగేళ్లుగా రాత్రిపూట డయాజిపామ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, ఆ సంగతి మాకు చెప్పలేదు. మెథడోన్ 30 మొదలైంది. మొదటి రాత్రి నిద్ర పట్టక మామూలు మాత్రకి తోడు ఇంకొకటి వేసుకున్నారు. ఏమీ కాలేదు. రెండో రాత్రీ అంతే, ఏమీ కాలేదు. దాంతో ధైర్యం వచ్చింది. మూడో రాత్రి మళ్లీ అవే రెండు మాత్రలు. కానీ అప్పటికి ఒంట్లో మెథడోన్ పెరిగిపోయింది. డయాజిపామ్ కూడా నెమ్మదిగా పోయేదే కాబట్టి పాత రాత్రుల మిగులు దానికి కలిసింది. తెల్లవారుజామున ఆయన గురక గది బయటికి వినిపించిందట. "పాపం, ఇన్నాళ్లకి ఒళ్లు తెలియకుండా పడుకున్నారు అనుకున్నానమ్మా" అని వాళ్లావిడ చెప్పారు.

ఆ గురకని జాగ్రత్తగా వినాలి. మామూలు నిద్రలో ఊపిరి నెమ్మదిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు దాన్ని పసిగట్టి ఊపిరిని మళ్లీ తోస్తుంది, అవసరమైతే మనిషిని లేపుతుంది. ఓపియాయిడ్ ఆ పసిగట్టే శక్తిని మొద్దుబారుస్తుంది. టెన్షన్ మాత్ర మెలకువ రాకుండా చేస్తుంది, గొంతు కండరాల్నీ వదులు చేస్తుంది. రెండూ కలిస్తే గొంతు సగం మూసుకుని గరగరమంటున్నా మనిషి లేవడు. ఏళ్లుగా వాడుతున్నాను, నాకు అలవాటే అనుకోవడం చాలా ప్రమాదం. మత్తుకి ఒళ్లు అలవాటుపడినంత త్వరగా, ఊపిరి తగ్గడానికి అలవాటుపడదు.

మెథడోన్‌లాగే ఈ అలవాటు మాన్పించడానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ వాడేవాళ్లు తమకి ఈ గొడవ లేదనుకుంటారు. ఆ మందు ఒక్కటే వాడితే, ఒక హద్దు దాటాక ఊపిరిని ఇంకా తగ్గించదన్నది నిజమే. పక్కన నిద్రమాత్రో మద్యమో చేరితే ఆ హద్దుని నమ్ముకోవడానికి లేదు.

ఆయన అదృష్టం, నాలుగో రోజు ఉదయం కిటికీ దాకా రాగలిగారు. మాట ముద్దగా వస్తోంది, సంతకం పెడుతూ జోగుతున్నారు. డోసు ఇవ్వకుండా డాక్టరుని పిలిచాను. రోజూ డోసుకి ముందు రెండు నిమిషాలు నిలబెట్టి మాట్లాడించేది ఇందుకే. తొలి రోజుల్లో డోసు తర్వాత కూర్చోమనడానికీ కారణం ఉంది. మెథడోన్ ప్రభావం బలంగా ఉండేది తాగిన రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య. కప్పు కింద పెట్టగానే వెళ్లిపోతే, అసలు చూడాల్సిన సమయంలో మనిషిని ఎవరూ చూడరు.

ఆ రోజు ఆయనకి మెథడోన్ ఆపి, సాయంత్రం దాకా మా దగ్గరే ఉంచుకున్నారు. మర్నాడు తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. డయాజిపామ్ మాత్రం పూర్తిగా ఆపలేదు. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి వాడిన ఆ మాత్రని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకని ఆయన పాత 10 మిల్లీగ్రాములే ఉంచి, ఏ రోజు మాత్ర ఆ రోజు మా దగ్గరే ఇచ్చారు. రెండు మందుల చీటీలూ ఒకే డాక్టరు చేతికి వచ్చాయి. మెథడోన్ కుదురుకున్నాక నెలల మీద కొంచెం కొంచెంగా డయాజిపామ్ తగ్గించారు. నిజం చెబితే మెథడోన్ ఆపేస్తారేమోనన్న భయంతోనే ఆయన మొదట దాచారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఈ రెండు రకాల మందులు కలిపితే వచ్చే ముప్పు గురించి గట్టి హెచ్చరిక పెట్టింది. 2017లో అదే సంస్థ, టెన్షన్ మాత్రలు వాడుతున్నారన్న కారణంతో మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ఇవ్వకుండా ఉండొద్దని స్పష్టంగా చెప్పింది. వైద్యం లేకుండా వీధిలో దొరికేదానికి తిరిగి వెళ్లడం అంతకంటే ప్రమాదం.

కాబట్టి మొదలుపెట్టే ముందే అన్నీ చెప్పండి: రాత్రి మాత్ర, అప్పుడప్పుడు మద్యం, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, మగత తెప్పించే జలుబు మందు, గురక జబ్బు. మధ్యలో ఇంకో డాక్టరు ఏ మందు రాసినా మెథడోన్ సంగతి చెప్పండి. ఫ్లువోక్సమిన్ లాంటి కొన్ని మందులు మెథడోన్ డోసు మారకుండానే ఒంట్లో దాని మోతాదు పెంచుతాయి. వరసగా మూడు రోజులు మెథడోన్ తప్పిపోతే నాలుగో రోజు పాత డోసు తాగకండి, ముందు డాక్టరుకి చూపించుకోండి.

ఇంట్లోవాళ్లకి ఒక పని. తొలి రెండు వారాలు రాత్రి పక్కగదిలో కాకుండా అదే గదిలో పడుకోండి. గురక గరగరలాడుతున్నట్టు ఉంటే పేరు పెట్టి గట్టిగా పిలవండి, రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దండి. లేచి సరిగా మాట్లాడితే సరే. లేవకపోతే, నిమిషానికి ఊపిరి పదిసార్లు కూడా తియ్యకపోతే, పెదాలు నీలంగానో బూడిద రంగులోనో కనిపిస్తే, వెంటనే అంబులెన్సుని పిలవండి. ఓపియాయిడ్ ప్రభావాన్ని విరిచే మందు నలోక్సోన్ ఉంటే ఇవ్వండి, ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి అందించండి, తనంతట తాను ఊపిరి తీసుకుంటుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

నలోక్సోన్ ఓపియాయిడ్ మీదే పనిచేస్తుంది, డయాజిపామ్ మీద పనిచెయ్యదు. అందుకే ఊపిరి బాగా ఆడుతున్నా మనిషి మత్తులోనే ఉండొచ్చు. లేపాలని మళ్లీ మళ్లీ ఇవ్వక్కర్లేదు, ఊపిరి సరిగా ఆడుతోందా అన్నదే చూడండి. దాని పని అరగంట నుంచి గంటన్నరలో అయిపోతుంది, మెథడోన్ మాత్రం రోజంతా లోపలే ఉంటుంది. లేచి కూర్చుని "నాకు బాగానే ఉంది, ఆసుపత్రి ఎందుకు" అన్నా సరే, తీసుకెళ్లండి. వాడిన మాత్రల అట్టలన్నీ కూడా పట్టుకెళ్లండి.