హ్యాండిల్ వణుకు పోయింది, బండి ఊగడం మొదలైంది

మొన్న తిరుమల ఘాట్ దిగి రేణిగుంట రోడ్డెక్కాను. 60లో పోతూ యాక్సిలరేటర్ వదిలేసరికి హ్యాండిల్ అటూ ఇటూ టకటకా కొట్టుకుంది. గట్టిగా పట్టుకుంటే ఆగేది. మెకానిక్ ఒకాయన పై నట్టు బిగించి పంపించాడు. వణుకు పోయింది. కానీ వారం తిరక్కముందే చిత్తూరు హైవేలో 80 దాటగానే బండి మొత్తం నెమ్మదిగా పాములా ఊగింది.

హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ వదులైతే మొదటి జబ్బు వస్తుంది. మరీ బిగిస్తే హ్యాండిల్ తనంతట తాను సర్దుకోలేదు, రెండోది వస్తుంది. అయితే వణుకుకు ఎగుడుదిగుడుగా అరిగిన ముందు టైరు, ఊగుడుకు వెనక టైరులో తక్కువ గాలి, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, వెనక మోసే బరువు కూడా కారణం కావచ్చు. గాలి చూడటానికి రెండు నిమిషాలు చాలు, ముందు అది చూడండి.

కోన్ సెట్ పరీక్షకు బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం పైకి లేపండి. ఫోర్కులను కింది చివర పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. ఇంకొకరు ఫ్రేమ్‌కూ ఫోర్క్ క్లాంప్‌కూ మధ్య సందులో వేలు పెట్టాలి. వేలికి కదలిక తగిలితే కోన్ సెట్ వదులు. కదలిక కింద ఫోర్క్ గొట్టాల దగ్గరే ఉంటే తప్పు ఫోర్క్ బుష్‌లది. ముందు బ్రేకు పట్టి బండిని ఊపి చూసే పద్ధతిని నేను నమ్మను, ప్యాడ్ల ఆట కూడా అందులో కలిసిపోతుంది.

తర్వాత హ్యాండిల్‌ను వేలితో నెమ్మదిగా తిప్పండి. నడిమధ్యన గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్‌లో బాల్స్ దొర్లే రింగులు, అంటే రేసుల మీద గుంతలు పడ్డాయని అర్థం. గుంతలుంటే బిగించి లాభం లేదు. అలాగే మధ్య నుంచి కొద్దిగా నెడితే హ్యాండిల్ తన బరువుకే పక్కకు వాలిపోవాలి. వాలకపోతే బిగుతు ఎక్కువ. కేబుళ్లు అడ్డుపడటం లేదని మాత్రం చూసుకోండి.

నా బండి ఈ రెండో పరీక్షలో తప్పింది, హ్యాండిల్ మధ్యలో అతుక్కుంది. విప్పితే కింది రేసులో బాల్స్ అచ్చులు వరసగా ఉన్నాయి. రోడ్డు దెబ్బలు ఎక్కువగా తినేది ఆ కింది రేసే. వదులుగా ఉన్నన్నాళ్లూ బ్రేకు వేసిన ప్రతిసారీ బాల్స్ దాన్ని కొట్టాయి. పైనా కిందా సెట్ మొత్తం మార్చి, గ్రీజు నిండుగా పెట్టాం.

సరిచేసేటప్పుడు పై నట్టుతో పాటు పై క్లాంప్ బోల్టులు కూడా వదులు చేయాలి. సి-స్పానర్‌తో లోపలి రింగ్ నట్టును ఆట పోయేదాకా బిగించి, కొద్దిగా, ఎనిమిదో వంతు చుట్టు, వెనక్కి తిప్పాలి. ఆపైన పై నట్టు బిగించగానే రింగ్ నట్టు మళ్లీ నొక్కుకుంటుంది. అందుకే రెండు పరీక్షలూ చివర్లో మళ్లీ చేయాలి. మేం మూడు సార్లు విప్పి బిగించాం. కొత్త సెట్ కుదురుకునేసరికి కాస్త వదులవుతుంది కాబట్టి 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ వేలు పెట్టి చూశాను.