మామిడి ఒప్పందం రాసే ముందు కామాల విషయంలో జాగ్రత్తలు

మామిడి కోతలు మొదలయ్యేసరికి చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో కొనుగోలు కాగితం రాసే పని సాధారణంగా ఇంట్లో చదువుకున్న పిల్లల మీద పడుతుంది. తొలిసారి రాసేవారు ధర, తూకం సరిచూసుకుంటారు గానీ కామాల జోలికి పోరు.

ముందుగా వాక్యం మొదట్లో వచ్చే మాటలను చూడండి. "తూకం అయిన తర్వాత రైతు చెప్పిన తేదీకి డబ్బు చెల్లించాలి" అని రాస్తే, రైతు తేదీని ఎప్పుడు చెప్పినట్లు? తూకం అయ్యాకే చెప్పాడన్న అర్థం ముందుగా తోస్తుంది. తేదీ ముందే ఖాయమై, చెల్లింపు మాత్రమే తూకం తర్వాత జరగాలంటే "తర్వాత" పక్కన కామా ఉండాలి. తెలుగులో మొదటి పదబంధం తనకు దగ్గరగా ఉన్న క్రియకు అతుక్కుంటుంది కాబట్టి, దాన్ని దాటించి చివరి క్రియకు చేర్చాలన్నప్పుడే కామా అవసరం. "తూకం అయిన తర్వాత డబ్బు చెల్లించాలి" అన్నచోట మధ్యలో మరో క్రియ లేదు, కామా అక్కర్లేదు.

జాబితాల దగ్గర చిక్కు ఎక్కువ. ఈ వాక్యం చూడండి: "కోత కూలి, ట్రేల అద్దె, లారీ బాడుగ మరియు దింపుడు కూలిలో సగం రైతు భరించాలి." వరుసగా 3,000, 1,000, 6,000, 2,000 రూపాయలు అనుకుందాం. సగం అన్నింటికీ వర్తిస్తే రైతు వాటా 6,000. చివరి రెండింటికే అయితే 8,000. దింపుడు కూలికి మాత్రమే అయితే 11,000. "మరియు" ముందు కామా పెడితే చివరి రెండూ జంట కావని తెలుస్తుంది గానీ, సగం అన్నింటికా అన్న సందేహం అలాగే మిగులుతుంది. అందుకే "దింపుడు కూలిలో సగం, లారీ బాడుగ మొత్తం" అంటూ ప్రతి అంశానికీ దాని వాటాను అంటిపెట్టి రాయాలి.

ఆ చివరి కామా మీద వివాదం ఇంగ్లీషుది. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్, షికాగో శైలి పుస్తకం దాన్ని ఉంచమంటాయి. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మామూలు జాబితాల్లో వద్దంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఓవర్‌టైమ్ చట్టంలో ఒక జాబితాకు ఆ కామా లేకపోవడంతో అర్థం రెండు విధాలైందని 2017లో అప్పీలు కోర్టు పాల లారీల డ్రైవర్ల పక్షాన తీర్పిచ్చింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మనకు "కూలీ, అద్దే, బాడుగా" అని దీర్ఘాలతో కలిపే పద్ధతి ఉంది కనుక "మరియు" లేకుండానే రాయవచ్చు, నా మొగ్గు అటే. అలవాటుగా "మరియు" రాసేవారు మాత్రం ఒప్పందాల్లో దాని ముందు కామాను వదలకూడదు.

సంతకాలకు ముందు ఆ కాగితాన్ని బేరం సంగతి తెలియని ఒకరికి ఇచ్చి, రైతు వాటా ఎంతో పెన్సిలుతో లెక్కకట్టమనండి. మీ అంకెకూ వారి అంకెకూ తేడా వస్తే, వారికి వివరించి ఊరుకోకుండా ఆ వాక్యాన్నే తిరగరాయండి.