డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లు రాత్రిళ్లు బయటికి వెళ్లిపోకుండా ఎలా చూసుకోవాలి?

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. డిమెన్షియా వచ్చాక రాత్రి రెండున్నరకి లేచి, చొక్కా వేసుకుని, "ఫస్ట్ బస్సు టైమైంది" అంటూ వీధి తలుపు దగ్గరికి వెళ్లేవారు. మేం తాళం వేశాం. ఆయన తలుపు బాదడం, వీధంతా నిద్రలేవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

1. ముందు ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి. ఎన్నింటికి లేచారు, ఏమన్నారు, దేనితో సర్దుకున్నారు, పగలు ఎంతసేపు పడుకున్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు. మా లెక్కలో ఏడు రాత్రుల్లో ఐదుసార్లు ఆయన ఒంటేలుకి వెళ్లొచ్చి మళ్లీ పడుకున్నారు. అంటే లేపుతున్నది డ్యూటీ కాదు. నీరు పోవడానికి ఇచ్చే మాత్ర అప్పట్లో సాయంత్రం ఆరింటికి వేసేవాళ్లం. నోట్‌బుక్ చూసి డాక్టరుగారే దాన్ని పొద్దుటికి మార్చారు. సొంతంగా మార్చకండి.

ఇన్నాళ్లూ బాగా పడుకునే మనిషి రెండు మూడు రోజుల్లోనే ఇలా మారితే, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మందు కారణం కావచ్చు. వెంటనే చూపించండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర వేస్తే అయోమయం పెరిగి, పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

2. మంచం మీద కూర్చుని, ఆయన కళ్లతో చూడండి. మా ఇంట్లో బాత్రూం తలుపు మూసి, చీకటిగా ఉండేది. వీధి తలుపు పైనుంచి స్తంభం లైటు పడేది. వెలుతురు ఎటుంటే అటే నడిచేవారు. ఇప్పుడు బాత్రూం లైటు రాత్రంతా వెలుగుతుంది, తలుపు తీసే ఉంటుంది. వీధి తలుపుకి గోడ రంగు కర్టెన్ వేశాం. చెప్పులు, సంచీ కంటికి కనబడకుండా పెట్టాం.

3. ఇక తలుపు. గడియ చూపు పడని చోట, బాగా పైన బిగించండి. తలుపుకి గజ్జెలు కట్టినా చాలు, మీకు మెలకువ వస్తుంది. ఇంట్లో ఎవరూ లేకుండా లోపల పెట్టి తాళం వేయకూడదు, మంటలొస్తే బయటపడలేరు. మంచానికి కట్టేయడం అసలే వద్దు.

4. లేచినప్పుడు వాదించకండి. "రిటైరై ఎన్నేళ్లయిందో తెలుసా" అంటే కోపం వస్తుంది. "బస్సు గంట లేటంట నాన్నా, బాత్రూంకి వెళ్లొచ్చి కూర్చోండి" అంటే మెత్తబడతారు.

5. అయినా వెళ్లిపోతే ముందు పెరడు, మేడ, దగ్గర్లో బావి, చెరువు, కాలువ ఉంటే అవి చూడండి. పదిహేను నిమిషాల్లో దొరక్కపోతే 112కి ఫోన్ చేయండి, 24 గంటలు ఆగక్కర్లేదు. ఈమధ్య తీసిన ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. చొక్కా కాలరు లోపల మీ నంబరు చెరగని ఇంకుతో రాయండి. తర్వాత ఆయన పాత దారులు వెతకండి. నాన్న ఒకసారి డిపో దారిలో టీ బండి దగ్గర దొరికారు. కాలరు మీద నంబరు చూసి ఫోన్ చేసింది ఆ టీ బండి అతనే. వెళ్లేసరికి ఆయన చిల్లర లెక్క చూస్తున్నారు.