హెమోక్రొమటోసిస్: ఫెరిటిన్ దిగిందని రక్తం తీయించుకోవడం మానకండి

ఐరన్ మొత్తం దించేసుకుని, ఒంట్లో బాగుందని మానేసి, ఏళ్ల తర్వాత గట్టిపడ్డ కాలేయంతో తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది చేసింది ఒకే తప్పు: రిపోర్టులో ఫెరిటిన్, అంటే ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే అంకె, తగ్గితే జబ్బు పోయిందనుకోవడం. హెమోక్రొమటోసిస్ అంటే ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బు; వారసత్వంగా వచ్చే రకంలో తగ్గేది నిల్వ మాత్రమే. ఆ నిల్వను పెంచే లోపం జన్యువులో ఉంది, అది జీవితాంతం ఉంటుంది.

లోపం ఎక్కడంటే, పేగు దగ్గర. కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోను "ఇక ఐరన్ చాలు" అని పేగుకు చెబుతుంది. ఎక్కువమంది రోగుల్లో హెచ్‌ఎఫ్‌ఈ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిని, ఆ హార్మోను చాలినంత తయారుకాదు. మామూలు మనిషి పేగు రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ఐరన్ పీల్చుకుంటే, వీళ్లలో అది 4 దాకా పోవచ్చు. ఎక్కువైనదాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. మూత్రంలో పోదు, చెమటలో పోదు. అది కాలేయం, క్లోమం, గుండె, పిట్యుటరీ గ్రంథి, కీళ్లలో పేరుకుపోయి, అక్కడి కణాలను లోపలినుంచి దెబ్బతీస్తుంది. అందుకే ఒకరికి సిర్రోసిస్, ఒకరికి షుగరు, ఇంకొకరికి గుండె లయ తప్పడం.

శరీరంలో ఐరన్ ఎక్కువగా ఉండేది ఎర్ర రక్తకణాల్లోనే. 500 మిల్లీలీటర్ల రక్తం తీస్తే 200 నుంచి 250 మిల్లీగ్రాములు పోతుంది. ఆ కణాలను మళ్లీ తయారుచేసుకోవడానికి ఎముక మజ్జ అవయవాల్లోని నిల్వను లాక్కుంటుంది. చికిత్స అంతా ఈ లాగడమే.

ఒక లెక్క చూడండి. 45 ఏళ్ల మనిషి, ఫెరిటిన్ 1500. వారానికొక బ్యాగు చొప్పున 30 వారాలు తీస్తే 6 నుంచి 7.5 గ్రాముల ఐరన్ పోయి, ఫెరిటిన్ 50కి దిగింది. నీరసం పోయింది, మానేశాడు. రోజుకు 3 మిల్లీగ్రాములు అదనంగా నిలిచినా ఏడాదికి గ్రాము దాటుతుంది. మూడేళ్లకు మూడు గ్రాముల పైచిలుకు, అంటే మళ్లీ 13 నుంచి 16 బ్యాగులు. అదే ఏడాదికి నాలుగు బ్యాగులు తీయించుకుని ఉంటే వచ్చినదంతా దాదాపు వచ్చినట్టే పోయేది. పైగా నిల్వ ఖాళీ అయ్యాక పేగు ఇంకా గట్టిగా పీలుస్తుంది. మానడానికి అంతకంటే చెడ్డ సమయం లేదు.

ఇంకో ఉచ్చు: రిపోర్టు పక్కన అచ్చయ్యే "నార్మల్" పరిధి. మగవాళ్లకు చాలా ల్యాబులు 300 వరకూ నార్మల్ అనే వేస్తాయి. అది మీ హద్దు కాదు. మీది 50 నుంచి 100. 280 చూసి ఊపిరి పీల్చుకోకండి. ఫెరిటిన్ దిగిందని మానకండి.

తీయించుకునే ప్రతిసారీ ముందు హీమోగ్లోబిన్ చూడమనండి. బాగా పడిపోయి ఉంటే ఆ వారం వాయిదా. వాయిదా అంటే వాయిదాయే, మానేయడం కాదు.

తీసే ముందు, తర్వాత నీళ్లు బాగా తాగండి. ఆ రోజు బరువులెత్తొద్దు.

విటమిన్ సి మాత్రలు వద్దు. ఐరన్‌ను ఎక్కువ పీల్పిస్తాయి, పేరుకున్న ఐరన్‌ను కదిలించి గుండె మీద పడేస్తాయి. మల్టీవిటమిన్ డబ్బా మీద ఐరన్ ఉందేమో చదవండి.

ఆహారం తగ్గించుకుని రక్తం తీయించుకోవడం తప్పించుకోవచ్చనుకోవద్దు. తప్పించుకోలేరు.

మద్యం మానండి. కాలేయం దెబ్బతిన్నవాళ్లు పూర్తిగా.

పచ్చి ఆల్చిప్పల మాంసం ముట్టొద్దు. అందులో ఉండే విబ్రియో లాంటి బ్యాక్టీరియాకు మీ ఒంట్లోని ఐరన్ మేత. 2009లో షికాగోలో ఒక పరిశోధకుడు, ఐరన్ సరిగా అందుకోలేకుండా బలహీనపరిచిన ప్లేగు బ్యాక్టీరియా సోకి చనిపోయాడు. ఆయనకు హెమోక్రొమటోసిస్ ఉందని తర్వాతే బయటపడింది.

షుగరు ఉంటే, వారం వారం రక్తం తీసే కాలంలో, మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీని నమ్మొద్దు. కణాలన్నీ కొత్తవి కాబట్టి అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రోజువారీ షుగరు చూసుకోండి.

వేళ్ల కీళ్ల నొప్పి తగ్గలేదని చికిత్స పనిచేయట్లేదనుకోకండి. కీళ్లు చాలామందిలో తిరిగి బాగుపడవు.

సిర్రోసిస్ వచ్చినవాళ్లు ఐరన్ దిగాక కూడా ఆరు నెలలకోసారి కాలేయం స్కాన్ చేయించాలి. క్యాన్సర్ ముప్పు ఐరన్‌తో పాటు పోదు.

ఊరు మారినా, డాక్టరు మారినా, ఫెరిటిన్ దిగినా మానకండి. తర్వాతి తేదీ రాయించుకున్నాకే బయటికి రండి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కొక్కరికీ ఫెరిటిన్ పరీక్ష, రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష, వాటితోపాటు జన్యు పరీక్ష. శాచురేషన్ 45 శాతం దాటితే లక్షణాలు కనిపించేదాకా ఆగొద్దు.