నూనె చుక్క వేసే ముందు

తాళం, కుట్టుమిషన్, సైకిల్ చైన్, తలుపు బందు, ఏది బిగుసుకున్నా వంటనూనె మాత్రం వెయ్యకండి. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు గాలి తగిలి జిగురవుతాయి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది.

బిగుసుకున్న తాళంకప్పలో నూనె పోయకండి. లోపలి సన్నని పిన్నుల మధ్య దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. వారం బాగా తిరిగి, తర్వాత మరింత బిగుస్తుంది. తాళంచెవి బయటికి తీసినప్పుడు నల్లటి జిడ్డు అంటితే ఇదే జరిగిందని అర్థం. అప్పుడు ముందుగా కొద్దిగా కిరోసిన్‌తో కడిగి, రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీసి, ఒక రోజు ఆరనివ్వాలి. దగ్గర్లో మంట ఉండకూడదు. తడి పూర్తిగా పోయాకే గ్రాఫైట్ పొడి వెయ్యండి, లేదంటే అదీ ముద్దవుతుంది. పొడి దొరక్కపోతే 4B పెన్సిల్‌ను తాళంచెవి గాడుల్లో బాగా రుద్ది, పదిసార్లు పెట్టి తిప్పండి. తుప్పు పట్టిన కొక్కేనికి మాత్రం ఒక చుక్క నూనె సరే.

కుట్టుమిషన్‌కు రంగులేని పలుచని మిషన్ ఆయిలే, రంధ్రానికి ఒక్క చుక్క. తర్వాత పాత గుడ్డ మీద కుట్టి చూడండి, కొత్త బట్టకు మరక పడకుండా.

సైకిల్ చైన్‌కు గ్రీజు వద్దు, ఇసుకను పట్టేస్తుంది. శుభ్రం చేసిన చైన్‌లో ప్రతి రోలర్‌కూ చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలి.

గ్రీజు పనికొచ్చేది తలుపు బందులకు: బందు మధ్యలోని మేకు తీసి, తుప్పు తుడిచి, పలుచగా పూయండి.