ట్రేడ్ ఫెయిర్ స్టాల్‌లో విదేశీ బయ్యర్‌తో ఇంగ్లీషులో పరిచయం చేసుకోవడం ఎలా?

స్టాల్ అందంగా కట్టి, శాంపిల్స్ నీట్‌గా సర్ది, తీరా బయ్యర్ వచ్చి నిలబడేసరికి ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసేవాళ్లను ప్రతి ఫెయిర్‌లోనూ చూస్తున్నాను. ఇంగ్లీషు రాక ఇబ్బంది పడేవాళ్ల కంటే, వచ్చిన ఇంగ్లీషును పరుగెత్తించి పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. మీ ఎదుట నిలబడిన బయ్యర్‌కు కూడా చాలాసార్లు ఇంగ్లీషు మాతృభాష కాదు. మీ మాట ఆయన చెవిన పడాలి, అర్థం కావాలి, ఆయన జవాబు ఆలోచించుకోవాలి. ఈ మూడింటికీ సమయం ఇవ్వాల్సింది మీరే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మెడలో పేరు పెద్ద అక్షరాల్లో కనిపించే బ్యాడ్జ్, ఒక నోట్‌బుక్, పెన్ను, స్టేప్లర్, పెద్ద అంకెలు కనిపించే కాలిక్యులేటర్, విజిటింగ్ కార్డులు. చేతికి అందేలా ఒకే ఒక్క శాంపిల్. ఇవి చాలు. టేబుల్ వెనక కూర్చోకండి. స్టాల్ ముందు మూలన, దారికి అడ్డం రాకుండా నిలబడండి. ఫోన్ జేబులో ఉండాలి.

ఐదు వాక్యాలు రాసుకోండి

ఆరో వాక్యం వద్దు. గుడ్డ సంచులు తయారుచేసే ఒకాయన స్టాల్‌లో ఉన్నారనుకుందాం. ఆయన పరిచయం ఇలా ఉండాలి:

హలో.
మై నేమ్ ఈజ్ వెంకట్.
వీ మేక్ కాటన్ బ్యాగ్స్.
వీ హావ్ అవర్ ఓన్ ఫ్యాక్టరీ.
వాట్ కైండ్ ఆఫ్ బ్యాగ్స్ డూ యూ బై?

మొత్తం ఇరవై మాటలు దాటి ఒకటి. ఇందులో కంపెనీ ఎప్పుడు పెట్టారో లేదు, ఎంతమంది పనివాళ్లున్నారో లేదు, నాణ్యత గురించి ఒక్క ముక్క లేదు. కావాలనే లేదు. నాణ్యత సంగతి శాంపిల్ చెబుతుంది. మొదటి నిమిషంలో బయ్యర్ తేల్చుకునేది రెండే: మీరు తయారీదారులా, కొని అమ్మేవాళ్లా? తనకు కావలసిన సరుకు మీ దగ్గరుందా? మూడో, నాలుగో వాక్యాలు ఆ సంగతే చెబుతాయి. మీరు సొంతంగా తయారుచేయకపోతే నాలుగో వాక్యం చెప్పకండి. ‘వీ బై ఫ్రమ్ స్మాల్ ఫ్యాక్టరీస్ అండ్ ఎక్స్‌పోర్ట్’ అని ఉన్నది చెప్పండి.

పేరు పూర్తిగా చెప్పాలన్న పట్టుదల వద్దు. వెంకటేశ్వర్లు గారు వెంకట్ అంటే చాలు, మిగతాది కార్డు మీద ఉంటుంది. పేరు చెబుతూ బ్యాడ్జ్‌ను వేలితో చూపించండి. వినబడింది చదివి సరిచూసుకుంటే బయ్యర్‌కు గుర్తుంటుంది. ‘మైసెల్ఫ్ వెంకట్’ అనే అలవాటుంటే ఈరోజే మానేయండి. ‘యువర్ గుడ్ నేమ్ ప్లీజ్’ అన్నది కూడా బయటివాళ్లకు అర్థం కాదు.

చివరి ప్రశ్న విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. ‘కెన్ ఐ హెల్ప్ యూ?’ అని అడగకండి. ‘నో, జస్ట్ లుకింగ్’ అని వెళ్లిపోవడానికి మీరే దారి చూపించినట్టవుతుంది. అవును, కాదు అని తెంచేయడానికి వీల్లేని ప్రశ్నే అడగాలి. అసలు పరిచయంలో పనికొచ్చే వాక్యం అదొక్కటే, మిగతా నాలుగూ దాని దగ్గరికి తీసుకెళ్లడానికి.

కొంతమంది పేజీడు పరిచయం ఎవరిచేతో రాయించుకుని బట్టీ పడతారు. బయ్యర్ మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఎక్కడ ఆపారో గుర్తురాక మళ్లీ మొదటికి వెళతారు. ఐదు వాక్యాలైతే ఎక్కడ ఆగినా మళ్లీ అందుకోవచ్చు.

నెమ్మదిగా చెప్పడం: అందరూ చెడగొట్టేది ఇక్కడే

‘నెమ్మదిగా మాట్లాడు’ అనగానే ప్రతి మాటనూ సాగదీస్తారు. మనవాళ్లు సాగదీస్తే ఇంకో తంటా ఉంది. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, ఇంగ్లీషు మాట చివర కూడా తెలియకుండానే ఒక ‘ఉ’ చేరుతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు అది పెద్దగా వినబడదు. సాగదీస్తే బయటపడుతుంది: ‘వీ మేకూ... కాటనూ... బ్యాగ్సూ’. విన్న బయ్యర్‌కు మాట ఎక్కడ ముగిసిందో తెలియదు. పైగా ఇంగ్లీషు బాగా వచ్చిన బయ్యర్ అయితే, తనతో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారని నొచ్చుకుంటాడు.

అందుకే మాటలను సాగదీయకూడదు, మాటల మధ్య ఆగాలి. మాట మామూలు వేగంతోనే, చివరి హల్లు దగ్గర తెగినట్టు పలకాలి: బ్యాగ్స్. అక్కడ నోరు మూసేయాలి. వాక్యం పూర్తయ్యాక ముక్కుతో ఒకసారి నిదానంగా గాలి పీల్చుకోండి, ఆ తర్వాతే తర్వాతి వాక్యం. గాలి పీల్చేటప్పుడు ‘ఆ...’, ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’ లాంటివి రానే రావు, అదీ ఈ పద్ధతిలో ఉన్న సుఖం. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టుకోమని కొందరు నేర్పిస్తారు. టెన్షన్‌లో ఆ లెక్క కూడా పరుగెడుతుంది. ఊపిరిని అంత తేలిగ్గా తొందరపెట్టలేం.

వాక్యం లోపల కూడా ఒక చిన్న విరుపు ఉండొచ్చు, కానీ సరైన చోట. ‘వీ మేక్ / కాటన్ బ్యాగ్స్’ అని విరిస్తే అర్థమవుతుంది. ‘వీ / మేక్ కాటన్ / బ్యాగ్స్’ అని విరిస్తే విన్నవాళ్లకు ముక్కలే మిగులుతాయి. కలిసి అర్థమిచ్చే మాటలను విడదీయకండి. ‘వాట్ కైండ్ ఆఫ్ బ్యాగ్స్ / డూ యూ బై?’ అన్నదానికి ఒక్క విరుపు చాలు. కాగితం మీద రాసుకున్న ఐదు వాక్యాల్లోనూ విరుపు వచ్చేచోట గీత పెట్టుకోండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఫోన్‌లో రికార్డ్ చేసి చూసుకోండి. ఐదు వాక్యాలూ పది సెకన్లలోపే అయిపోతే మీరు పరుగెత్తుతున్నారు. ఇరవై సెకన్ల దగ్గర్లో ఉంటే బాగుంది. ముప్పై దాటితే మాటలు సాగుతున్నట్టు లెక్క. వినేటప్పుడు ఒక్క పని చేయండి: ప్రతి వాక్యం చివరి మాటను మాత్రమే గమనించండి. వెంకట్, బ్యాగ్స్, ఫ్యాక్టరీ, బై. ఈ నాలుగూ స్పష్టంగా వినబడితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మనం సాధారణంగా వాక్యం చివర గొంతు తగ్గించేస్తాం. హాల్‌లో గోల ఎక్కువ కాబట్టి ఆ చివరి మాటే మునిగిపోతుంది, అదే బయ్యర్‌కు కావలసిన మాట.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ప్రశ్న అడిగాక వచ్చే నిశ్శబ్దం. ‘వాట్ కైండ్ ఆఫ్ బ్యాగ్స్ డూ యూ బై?’ అన్నారు. బయ్యర్ వెంటనే మాట్లాడలేదు. రెండు సెకన్లు గడిచేసరికి మనవాళ్లకు కాళ్లు నిలవవు. ‘షాపింగ్ బ్యాగ్? టోట్ బ్యాగ్? వీ హావ్ ఆల్ సార్, వెరీ గుడ్ క్వాలిటీ సార్’ అని అందుకుంటారు. అంతవరకు పడ్డ శ్రమంతా అక్కడే పోతుంది. ఆయన మీ ప్రశ్నను తన భాషలోకి తిప్పుకుని, జవాబును మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చుకుంటున్నాడు. మీరు మళ్లీ నోరు తెరిస్తే ఆ పని మొదటికొస్తుంది. పెదవులు మూసి, ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడండి. ఐదు సెకన్లు చాలా పొడవుగా అనిపిస్తాయి, అయినా ఆగండి.

అర్థం కాలేదని ఎలా తెలుస్తుంది?

‘సారీ?’ అని అడిగేవాళ్లతో ఇబ్బంది లేదు. మర్యాదకు తలూపేవాళ్లను గమనించాలి. ‘వాట్ కైండ్’ అని అడిగితే ‘యెస్, యెస్’ అని జవాబొచ్చిందంటే ఆయనకు ప్రశ్న అందలేదు. ఫ్యాక్టరీ ఉందని మీరు చెప్పాక ‘ఆర్ యూ మాన్యుఫాక్చరర్?’ అని అడిగినా అంతే.

అప్పుడు అదే వాక్యం, అవే మాటలతో ఇంకోసారి చెప్పండి. గొంతు పెంచకండి, వాక్యం మార్చకండి. మొదటిసారి సగం విన్నదానికి రెండోసారి మిగతా సగం కలుస్తుంది. మీరు వేరే మాటల్లో చెబితే ఆయన మళ్లీ మొదటినుంచి వినాలి. రెండోసారి కూడా అందకపోతే మాటలు తగ్గించండి. శాంపిల్ చేతికిచ్చి ‘దిస్ కైండ్?’ అనండి, మరో రకాన్ని చూపించి ‘ఓర్ దిస్?’ అనండి.

ఆయన మాట్లాడటం మొదలుపెట్టాక

నోట్‌బుక్ తెరిచి, ఆయన చూస్తుండగా రాసుకోండి. రాస్తుంటే మాట వేగం దానంతటదే తగ్గుతుంది, మీకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. కార్డు ఇప్పుడివ్వాలి, ముందు కాదు. కార్డు చేతిలో పడగానే చాలామంది పరిచయం ముగిసిందనుకుని కదులుతారు.

తర్వాత సాధారణంగా వచ్చే ప్రశ్న కనీస ఆర్డర్ ఎంత అని. ఇక్కడ అంకెలు ప్రమాదం. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినబడతాయి, థర్టీన్, థర్టీ కూడా అంతే. పదిహేను వందల సంచులు అని చెప్పాలంటే ‘ఫిఫ్టీన్ హండ్రెడ్’ అనకుండా ‘వన్ థౌజండ్, ఫైవ్ హండ్రెడ్ పీసెస్’ అనండి, వెంటనే కాలిక్యులేటర్ మీద 1,500 కొట్టి ఆయన వైపు తిప్పండి. లక్ష అనే మాట బయట చాలాచోట్ల తెలియదు, ‘వన్ హండ్రెడ్ థౌజండ్’ అనాలి. ఫోన్ నంబర్లో ‘డబుల్ ఫోర్’, ‘ట్రిపుల్ సెవెన్’ వద్దు, ఒక్కో అంకె విడిగా చెప్పండి. తేదీ అయితే నెల పేరు పలకండి. 3/4 అని రాస్తే కొందరు ఏప్రిల్ 3 అనుకుంటారు, కొందరు మార్చి 4 అనుకుంటారు.

తెలియని ప్రశ్న వస్తే తోచింది చెప్పకండి. ‘ఐ విల్ చెక్. ఐ విల్ ఈమెయిల్ యూ టుమారో’ అని రెండు చిన్న వాక్యాలు, మధ్యలో అదే ఊపిరి. ‘ఐ విల్ రివర్ట్’ అంటే చాలామందికి అర్థం కాదు.

ఆయన కదలగానే ఆయన కార్డును ఆ పేజీకి స్టేపుల్ చేసి, ఏ సంచి పట్టుకున్నాడో, ఎన్ని అడిగాడో, మీరు ఏం పంపుతానన్నారో పక్కన రాయండి. తర్వాతి బయ్యర్ అప్పటికే స్టాల్ ముందు నిలబడి ఉన్నా సరే, ముందు ఈ మూడు ముక్కలు రాసి, ఒకసారి గాలి పీల్చుకుని, అప్పుడు ‘హలో’ అనండి.